మూడు వయసుల చీర

మా అవ్వ పెళ్ళి 1955 వైశాఖంలో కర్నూలులో జరిగింది. అప్పటికి కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కావడంతో ప్రభుత్వ కచేరీలకే చోటు చాలక గుడారాలు వేసిన రోజులవి, అందువల్ల మగపెళ్ళివారికి విడిది దొరకడం పెళ్ళికొడుకు దొరకడం కంటే కష్టమైందని అవ్వ చెప్పి నవ్వేది. విడిది కథ, వంటవాళ్ళ కథ ఆమె నోట ఒక్కోసారి ఒక్కోలా వచ్చేవి. చీర దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె మాటలో అక్షరం కూడా మారేది కాదు. వాళ్ళ నాయన మీటర్‌గేజి బండెక్కి, తుంగభద్ర దాటి, అప్పట్లో హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న గద్వాలకు పోయి, రెండు రాత్రులు అక్కడే పడుకొని, మగ్గం మీద నుంచి దిగిన చీరను దిగినట్టే కండువాలో చుట్టి తెచ్చాడట. ధర ఒక్కటే ఆమెకు నిలకడగా గుర్తు లేదు, ఒకసారి నలభై రూపాయలనేది, ఇంకోసారి అరవై అనేది, ఎదుటి మనిషి ఎవరన్నదాన్ని బట్టి అది పెరిగేదని మా అమ్మ అనుమానం.

కంచి గానీ ధర్మవరం గానీ కాకుండా గద్వాలే ఎందుకని నేను చిన్నప్పుడు అడిగాను. తిరుమల బ్రహ్మోత్సవాలకు వెంకటేశ్వరస్వామికి జోడు పంచెలు నేసి పంపే ఊరు అది, స్వామికి పనికొచ్చిన చేతులు పిల్లకు పనికిరావా అని వాళ్ళ నాయన అన్నాడట. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ దాటి ఇవతల పక్కన ఉన్నవాళ్ళకు అది దగ్గరి ఊరు కావడం అసలు కారణమని నాకు ఇప్పుడు అనిపిస్తుంది గానీ, ఆ మాట అవ్వతో అనే ధైర్యం నాకెప్పుడూ రాలేదు.

అది ఎనిమిది గజాల చీర. ఒళ్ళు మీగడ రంగు నూలు, అంచులు ముదురు ఎరుపు పట్టు, కొంగు కూడా అదే ఎరుపు పట్టు. అంచు పైభాగాన, నూలును తాకే గీత వెంబడి, గుడి గోపురాల్లాంటి కోణాలు వరసగా లేచి ఉండేవి. వాటిని కోటకొమ్మలంటారు. అంచులోనూ కొంగులోనూ వెండిజరీ, పైన బంగారు పూత. గద్వాల చీర తెలియనివాళ్ళకు ఇది మామూలు పట్టంచు నూలుచీరలాగే కనిపిస్తుంది. పక్కపక్కన పెట్టి తిరగేసి చూస్తే తప్ప తేడా తెలియదు, ఆ తేడాయే ఈ చీర బతుకంతా నడిపింది.

మామూలు చీరలో పేక పోగు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే పరుగు. నడుమ మీగడ రంగు పేక వేస్తే అది అంచులోకి కూడా దూరి ఎరుపును వెలవెలబోయేలా చేస్తుంది. అలా జరగకుండా గద్వాలలో పేకను మోసే నాడెలు మూడు వాడతారు, ఎడమ అంచుకు ఒకటి, ఒంటికి ఒకటి, కుడి అంచుకు ఒకటి. అంచు పట్టుపేక గీత దాకా వచ్చి, అటు నుంచి వచ్చిన నూలుపేకను ఒక మెలిక వేసి పట్టుకొని, తిరిగి తన దారిన వెనక్కి పోతుంది. నూలు కూడా అంతే, పట్టును ఒకసారి పలకరించి వెనక్కి తిరుగుతుంది. ఈ పనిని కుప్పడం అంటారు. గుంట మగ్గంలో కూర్చున్న నేతగాడికి మూడు నాడెలు ఒక్కడివల్ల కావు కనుక పక్కన ఇంట్లోవాళ్ళు ఇంకొకరు కూర్చొని ఒక అంచు నాడె అందిస్తారు. ఆ మెలిక పడే చోటును వరస వరసకూ కొద్దికొద్దిగా జరిపితే కోటకొమ్మ లేస్తుంది, అంటే ఆ గోపురాలు మీద కుట్టినవి కావు, పట్టు నూలులోకి ఎంత దూరం వచ్చి ఎక్కడ ఆగిందో చెప్పే సరిహద్దులు. కొంగు దగ్గర ఇదే సంగతి పొడవునా సాగే పడుగులో జరుగుతుంది. నూలు పడుగు అయిపోయిన చోట ఒక్కొక్క పోగుకూ ఒక్కొక్క పట్టు పోగును అతికి నేత ముందుకు సాగిస్తారు.

కాబట్టి మా అవ్వ పెళ్ళిచీర చూడడానికి ఒకటే అయినా లోపల మూడు. నూలు ఒకటి, పట్టు ఒకటి, వెండి ఒకటి. ఆ మూడూ ఒకే రోజు మగ్గం దిగాయి గానీ ఒకే వేగంతో ముసలివి కాలేదు.

ముందు అలసింది నూలు. పెళ్ళి తర్వాత నాలుగైదేళ్ళ దాకా అవ్వ దాన్ని తడపనే లేదట. కట్టి విప్పిన రోజు నీడన దండెం మీద వేసి, చెమట ఆరాక మడిచేది. ఆ తర్వాత ఒక ఉగాదికి కుంకుడుకాయ రసంలో మొదటిసారి ఉతికింది. నూలు తడిస్తే ముడుచుకుంటుంది, పట్టు అంతగా ముడుచుకోదు. ఆరేసరికి చీర ఒళ్ళు కొంచెం పొట్టిదైంది, అంచు మాత్రం ఉన్నంత పొడవూ ఉండిపోయింది, దాంతో అంచు నిటారుగా నిలవకుండా అలలు అలలుగా వంకర తిరిగింది. కొత్త కోడలు, పైగా పుట్టింటి చీర, అత్తగారు చూస్తే ఏమంటుందోనని అవ్వ గుండె జారిపోయిందట. తడి ఆరకముందే ఇద్దరు రెండు చివరలు పట్టుకొని ఒంటిని లాగి, అంచును వదులుగా ఉంచి మడిచి, పైన బరువు పెడితే చాలా వరకు సర్దుకుంటుందని ఆ అత్తగారే నేర్పిందని చెప్పేది. ఆ రోజు నుంచి ఆ చీర ఉతికినప్పుడల్లా ఇంట్లో రెండో మనిషి కావలసి వచ్చేది. నా చిన్నతనంలో ఆ రెండో మనిషిని నేను. కొంగు చివర నాకు ఇచ్చి, పెరటి తలుపు దాకా వెనక్కి నడవమనేది. "పీకొద్దు పాపా, పట్టుకో అంతే. అది వచ్చేంత వస్తుంది" అనేది.

ఒడిలో పడే చోట ఒక పెద్ద పసుపు మరక ఉండేది. పెళ్ళిలోనూ, ఆ తర్వాత పుట్టింటికి వెళ్ళినప్పుడల్లానూ పోసిన ఒడిబియ్యం పసుపు అది. ఒకసారి అవ్వ ఊళ్ళో లేనప్పుడు మా అమ్మ ఆ మరక పోగొడదామని బట్టల సబ్బు రుద్దిందట. పచ్చగా ఉన్నది కాస్తా క్షణంలో ఇటుక రంగు ఎరుపైపోయింది, చీర తగలబడిందేమోనన్నంత భయం వేసి అమ్మ ఏడుస్తూ కూర్చుంది. పసుపు సోడాగుణం తగిలితే ఎర్రబడుతుందనీ, పులుపు తగిలితే మళ్ళీ తిరిగి వస్తుందనీ పక్కింటి ముసలమ్మకు తెలుసు. నిమ్మకాయ పిండిన నీళ్ళలో ముంచితే మరక మళ్ళీ తన పచ్చదనానికి వచ్చింది. పోలేదు, అక్కడే ఉంది. అవ్వ తిరిగి వచ్చాక చూసి ఏమీ అనలేదట, ఎందుకంటే ఆమెకు ఆ మరక పోవాలని ఎన్నడూ లేదు.

1969 ప్రాంతంలో అవ్వ కచ్చ పోసి కట్టడం మానేసింది. అప్పటికి ఊళ్ళో అందరూ ఆరు గజాలకు వచ్చేశారు, ఎనిమిది గజాలు కుచ్చిళ్ళు పోస్తే నడుము దగ్గర దిండు కట్టుకున్నట్టు ఉంటుంది. అలా మిగిలిపోయిన రెండు గజాలను లోపలి చెంగు వైపు నుంచి కత్తిరించి మా అమ్మకు పరికిణీ కుట్టించింది. అప్పుడు అమ్మకు పదేళ్ళు. ఆ పరికిణీ ఫోటో ఒకటి మా ఇంట్లో ఉంది, నలుపు తెలుపు ఫోటో కావడం వల్ల జరీ తెల్లగా, అంచు నల్లగా, నడుమ ఏ రంగూ లేనట్టుగా పడింది. ఆ ఫోటో చూసినప్పుడల్లా అమ్మ చెప్పేది ఒకటే, అది కట్టుకొని కూర్చుంటే జరీ గీచుకొని పిక్కలు దురద పెట్టేవని.

మిగిలిన ఆరు గజాలలో నూలు అరిగిన చోట్లు అవ్వ నడకనూ పనినీ అచ్చుగుద్దినట్టు చూపించేవి. కుడి నడుము దగ్గర తాళాల గుత్తి దోపుకునే చోట అరచేయంత మేర పల్చబడి, వెలుతురుకు పట్టుకుంటే జల్లెడలా కనిపించేది. కింది అంచు మీద, సరిగ్గా పాదం ముందు పడే చోట, జరీ పోగులు అక్కడక్కడ లేచి చిన్న ఉచ్చుల్లా నిలబడి ఉండేవి. అది మెట్టెల పని. మెట్టె కొనకు పోగు తగులుకున్నప్పుడు లాగకుండా వంగి విడిపించుకోవాలి, పెళ్ళికూతురు వంగదు కదా, అందుకని మొదటి ఉచ్చు పెళ్ళి పీటల మీదే లేచిందని అవ్వ అనేది. కుప్పడం గీత వెంబడి మాత్రం నూలు ఎక్కువ చోట్ల చిరిగింది, అతుకు విడిపోయి కాదు, అతుకు విడిపోకపోవడం వల్ల. ఆ మెలిక వదలదు, పక్కన ఉన్న బరువైన అంచు కిందికి లాగుతూనే ఉంటుంది, ఆ లాగుడంతా మెలికకు ఒక వేలెడు పైన ఉన్న ఒట్టి నూలు మీద పడుతుంది. అవ్వ అక్కడ తెల్లదారంతో రఫ్ఫు చేసేది. దగ్గరగా చూస్తే ఆ రఫ్ఫు కూడా కోటకొమ్మల వంపునే అనుసరించి పోతూ ఉండేది.

పట్టు వేరే రకంగా ముసలిదైంది. అది అరగలేదు, చిట్లింది. ఏటా వానలు వెలిసి ఆశ్వయుజం వచ్చాక, దసరాకు ముందు, అవ్వ ట్రంకుపెట్టె తెరిచి పట్టు బట్టలన్నీ వరండాలో నీడన పరిచేది. పెట్టెలో వట్టివేళ్ళు, ఎండిన వేపాకు ఉండేవి గానీ కలరా ఉండలు ఉండేవి కావు, వాటి ఘాటుకు జరీ నల్లబడుతుందని ఆమె నమ్మకం. సాయంత్రం మళ్ళీ పెట్టెలో సర్దేటప్పుడు పెళ్ళిచీరను కిందటేడు మడత మీద ఎప్పుడూ మడిచేది కాదు. కిందటేడు నాలుగు మడతలైతే ఈ ఏడు మూడు, కిందటేడు మంచి వైపు బయటికైతే ఈ ఏడు లోపలికి. పాతబడిన పట్టు పోగు పెళుసెక్కుతుంది, ఒకే చోట వంగి ఏళ్ళ తరబడి ఉంటే ఆ వంపులోనే తెగుతుంది. ఇది తెలిసి అంత జాగ్రత్తపడినా కొంగులో రెండు మడతల వెంట చిట్లు పడ్డాయి, అవి కూడా ఎర్ర పట్టు ఒంటరిగా ఉన్న చోట కాదు, జరీ పట్టీలు దట్టంగా ఉన్న చోట. కొంగు అందమంతా ఎక్కడ ఉందో చీలిక అక్కడే వచ్చింది.

దీనికి కారణం చాలా ఏళ్ళ తర్వాత భూతద్దం కింద పెట్టి చూసినప్పుడు నాకు అర్థమైంది. జరీ అనేది తీగ కాదు. జుట్టు కంటే సన్నగా లాగిన వెండిని సుత్తి దెబ్బ తిన్నట్టు చదునుగా చేసి, ఆ రేకును ఒక పట్టు పోగు చుట్టూ పాము చుట్టుకున్నట్టు చుట్టి, పైన బంగారు పూత పూస్తారు. మన చీరలకు ఈ జరీ ఎక్కువగా సూరతు నుంచి వస్తుంది. భూతద్దంలో అది మెలితిరిగిన రిబ్బనులా ఉంటుంది. మడత పడ్డ చోట ఆ చుట్లు ఎడంగా విడిపోయి, సందుల్లోంచి లోపలి ఎర్రటి పట్టు పోగు కనిపించింది. రేకు అంచు ఎంత సన్నదైనా లోహం లోహమే కనుక, వంగినప్పుడల్లా పక్కనున్న పడుగు పోగును అది కత్తిలా గీస్తూ వచ్చింది. చీరను మోయవలసిన పట్టును చీరకు వెలుగిచ్చే వెండే కోసిందన్న మాట.

ఇక వెండి సంగతి. అది అరగలేదు, చిట్లలేదు, నల్లబడింది. గాలిలో ఉండే గంధకపు అంశకూ చెమటకూ వెండి నల్లబడడం మామూలే. పైన బంగారు పూత గట్టిగా ఉన్నంతకాలం ఆ నలుపు ఆగుతుంది, రాపిడికి పూత అరిగిన చోట మొదలవుతుంది. నాకు పదమూడేళ్ళు వచ్చేసరికి, అంటే 1994లో, కింది అంచు జరీ పాత రాగి చెంబులా కనిపించేది. ఆ వేసవి సెలవుల్లో అవ్వ మధ్యాహ్నం నిద్రపోతున్నప్పుడు నేను ఒక ఘనకార్యం చేశాను. వెండి కుంకుమభరిణె పండ్లపొడితో తోమితే మెరిసిపోవడం చూసి, చీర అంచు కూడా అలాగే మెరుస్తుందని, తడిగుడ్డకు పండ్లపొడి అద్ది లోపలి చెంగు దగ్గర అంచును రెండు అంగుళాల మేర రుద్దాను.

నలుపు పోయింది. దాంతోపాటు పసుపు కూడా పోయింది. చుట్టూ ముదిరిన బంగారు రంగు, నడుమ నేను రుద్దిన ముక్క మాత్రం కొత్త రూపాయి బిళ్ళలా తెల్లగా మెరిసింది. బంగారం పూతే తప్ప లోపల లేదని నాకు ఎవరూ చెప్పలేదు, జరీ మొత్తం బరువులో దాని పాలు నూటికి ఒకటి కూడా ఉండదని ఆ తర్వాత తెలిసింది. ఆ పిసరును నేను పండ్లపొడితో గీకి పారేశాను. గుడ్డకు అంటిన బూడిదరంగు మసిలో అది ఉండే ఉంటుంది, గుడ్డను నేను బావి గట్టు మీద ఝాడించేశాను.

అవ్వ లేచి చూసింది. తిట్టలేదు. చెంగును కళ్ళజోడు దగ్గరగా పెట్టుకొని ఆ తెల్లటి ముక్కను చాలాసేపు చూసి, "మా నాయనను మోసం చేయలేదన్న మాట వాళ్ళు, వెండే పెట్టినారు" అంది. ముప్పై తొమ్మిదేళ్ళుగా ఆమెకు ఆ అనుమానం ఉందని నాకు ఆ రోజే తెలిసింది. రాగి తీగకు వెండి పూత పూసిన జరీ కూడా బజారులో ఉంటుంది, కొత్తగా ఉన్నప్పుడు కంటికి తేడా తెలియదు. అది రుద్దితే ఎర్రగా తేలేది.

వెండేనని ఊరంతా తెలిశాక జరగవలసింది జరిగింది. తర్వాతి ఏడు ఎండాకాలంలో "పాత పట్టుచీరలు, జరీ చీరలు కొంటాం" అని అరుచుకుంటూ సైకిలు మీద వచ్చినాయనను మా తాత లోపలికి పిలిచాడు. అవ్వను అడగలేదు. ఆ ఏడు మా ఇంటి పరిస్థితి ఏమంత బాగా లేదు. వచ్చినాయన చీర మొత్తం విప్పకుండానే అంచు కొన నుంచి ఒక జరీ పోగు లాగి, గోటితో గీకి లోపలి ఎర్ర పోగు చూశాడు. అగ్గిపుల్ల గీసి అంటించాడు. ప్లాస్టిక్ జరీ అయితే ముడుచుకొని ఉండ కట్టి కంపు కొడుతుంది. ఇది పట్టు కాలిన వెంట్రుక వాసన ఒకసారి వేసి, వేళ్ళ మధ్య బూడిదరంగు తీగముక్కగా మిగిలింది. రెండు వందలు ఇస్తానన్నాడు.

తాత బడిపంతులు, లెక్క చూడకుండా దేనికీ ఒప్పుకోడు. జరీ ఎంత ఉంటుందని అడిగితే ఎనిమిది తులాలన్నాడు వచ్చినాయన. ఎనిమిది తులాలంటే తొంభై మూడు గ్రాములు. అందులో సగం పట్టు, మురికి పోయినా నలభై ఐదు, యాభై గ్రాముల వెండి. అప్పట్లో కిలో వెండి ఏడు వేల చిల్లర, అంటే గ్రాము ఏడు రూపాయలు. పంచాంగం అట్ట మీద గుణించి, తక్కువలో తక్కువ మూడు వందల పాతిక రావాలని తాత తేల్చాడు. ఆ తులాల లెక్క వచ్చినాయన తక్కువ చేసే చెప్పి ఉంటాడు కనుక తాత నాలుగు వందలు అడిగాడు. బేరం రెండు వందల ఎనభై దగ్గర తెగబోతుండగా అవ్వ వంటింట్లోంచి వచ్చింది. లెక్క గురించి ఒక్క మాట మాట్లాడలేదు. "దీన్ని తీసుకపోయి ఏం చేస్తావు నాయనా?" అని అడిగింది.

"కాలుస్తామమ్మా. కాలిస్తేనే వెండి దిగుతుంది."

"చీరంతానా?"

"అంచూ కొంగూ కోసి కాలుస్తాం. నూలుతో మాకు పని లేదు, ఇచ్చేస్తాం."

అవ్వ చీర అందుకొని మడిచింది. మూడు మడతలు వేయబోయి, కిందటేడు వేసింది మూడే అన్నట్టు ఆగి, నాలుగు వేసింది. సైకిలాయన లేచి వెళ్ళిపోయాడు. తాత ఆ పంచాంగాన్ని ఆ ఏడంతా గోడకు తిప్పి తగిలించాడు.

ఆ తర్వాత చీర కట్టుడుకు పనికిరాలేదు. 2003లో నా పెళ్ళికి ముందు దాన్ని బాగుచేయించి ఒక్క పూటైనా కడదామని అమ్మ ముచ్చటపడి ఒక దుకాణంలో రోలింగుకు ఇచ్చింది. రోలింగంటే చీరను బిగించి లాగి వేడి రోలర్ల మధ్య నడపడం, కొత్త పట్టుకు అది నిగారింపు తెస్తుంది. ఇక్కడ నూలుదొక సాగుడు, పట్టుదొక సాగుడు కావడంతో రెంటినీ ఒకే బిగువున లాగేసరికి కొంగులో చిట్లిన రెండు మడతలూ కొస దాకా తెగిపోయి, చీర కొంగు మూడు పట్టీలుగా తిరిగి వచ్చింది. తప్పు దుకాణానిది అనడానికి లేదు, ఏమి చీరో చెప్పకుండా ఇచ్చింది మేమే.

అవ్వ అప్పుడు తనే కత్తెర పట్టుకుంది. ఒంటి నూలును పొరలు పొరలుగా వేసి బొంత కుట్టింది, మా అబ్బాయి పుట్టినప్పుడు వాడు పడుకున్నది దాని మీదే. నలభై ఏళ్ళకు పైగా ఉతికిన నూలు పసిబిడ్డ ఒంటికి ఎంత మెత్తగా ఉంటుందో చెప్పడానికి నా దగ్గర పోలిక లేదు. ఆ బొంతలో ఒక మూల ఒడిబియ్యం మరక ఉండేది. అంచులను అమ్మా పిన్నీ పంచుకున్నారు. 2011లో అవ్వ పోయాక ఆమె పెట్టెలో నాకని కాగితంలో చుట్టి పెట్టిన ముక్క దొరికింది, మూరెడు పొడవు, మూడు కోటకొమ్మలు, వాటి కింద నేను తోమిన రెండు అంగుళాల తెలుపు. అప్పటికి ఆ తెలుపు కూడా మళ్ళీ నల్లబడింది, మిగతా అంచు కంటే ఎక్కువగా, ఎందుకంటే దానికి అడ్డుగా పూత లేదు.

2018లో ఆ ముక్క తీసుకొని గద్వాల వెళ్ళాను. ఈ అంచుకు కొత్త ఒళ్ళు నేయించి చీరగా కట్టుకోవచ్చునేమోనన్నది నా ఆశ. ఒక ఇంట్లో గుంట మగ్గం ముందు కూర్చున్న పెద్దాయన ముక్కను ముందు తిరగేశాడు, మంచి వైపు చూడనేలేదు. వెనక వైపు మెలిక గీతను బొటనవేలితో ఒకసారి తడిమి, "ఇది చేతి కుప్పడమే" అన్నాడు. నూలు ఎనభయ్యో నంబరు ఉంటుందన్నాడు. ఇప్పుడు ఎక్కువమంది ఒళ్ళు కూడా పట్టే అడుగుతున్నారనీ, లేకపోతే పట్టూ నూలూ కలిపిన సీకో అడుగుతున్నారనీ, ఒట్టి నూలుకు పట్టంచు అడిగేవాళ్ళు తగ్గారనీ చెప్పాడు. మూడో కోటకొమ్మ దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఈడ చూడమ్మా. ఈ రెండు కొమ్మలూ ఒకరి చెయ్యి, ఈ మూడోది ఇంకొకరిది. మెట్లు చూడు, ఇక్కడ ఒక్క పేక ముందే జరిపిండు. పక్కన నాడె అందిచ్చే పిల్లగాడు కూసొని ఉంటడు కాసేపు, వాళ్ళ నాయన అన్నానికి లేసినప్పుడు."

నేను భూతద్దంతో ఎన్నోసార్లు చూశాను గానీ అది నాకు కనిపించలేదు. ఆయన చూపించాక చూస్తే నిజమే, మూడో గోపురం ఎడమ పక్క ఒక మెట్టు పొట్టిగా ఉంది. అవ్వ వాళ్ళ నాయన రెండు రాత్రులు అక్కడే పడుకున్నాడంటే ఆ పిల్లవాణ్ణి చూసే ఉంటాడు.

కొత్త ఒళ్ళు సంగతి అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. కుప్పడం మెలిక మగ్గం మీద రెండు పేకలూ నడుస్తున్నప్పుడు పడవలసిందే తప్ప, ఒకసారి దిగిన అంచుకు మళ్ళీ వేయడం కుదరదు. సూదితో కుట్టుకోవచ్చు, అది కుట్టు అవుతుంది గానీ కుప్పడం కాదు. కావాలంటే ఇదే అంచు చూసి కొత్త చీర నేసి ఇస్తాను, వెండిజరీ అయితే ధర ఇంత, రాగి తీగతో చేసే టెస్టెడ్ జరీ అయితే ఇంత అన్నాడు. నేను వెండిజరీయే చెప్పాను. మూడో కొమ్మ గురించి కూడా చెప్పాలా వద్దా అని గడప దాకా వచ్చి ఆలోచించి, వెనక్కి వెళ్ళి అడిగాను. తప్పు నేయమంటావా అని ఆయన నవ్వాడు. కాసేపాగి, "మా మనవణ్ణి కూసోబెడతాలే ఒక పూట" అన్నాడు.

చీర అయిదు నెలలకు వచ్చింది. పాత ముక్కను దాని కొంగు మడతలోనే పలుచటి మల్లుగుడ్డలో చుట్టి పెట్టాను. కిందటి దసరాకు ముందు బయట పరిచినప్పుడు మా అబ్బాయి ఒక చివర పట్టుకున్నాడు. ఈసారి మూడు మడతలు వేశాం.